నైనీలో పిన్ని

ఇలాహాబాదు సలోరీలో ఉన్న ఆడపిల్లల లాడ్జీలన్నిటికీ కలిపి చుట్టం ఒక్కతే. ఆవిడ యమున అవతల నైనీలో ఉంటుంది. పిన్ని. ఆవిడకు మామూలు రోజుల్లో జలుబైనా చెయ్యదు. రైల్వే పరీక్షో, గుమాస్తా పరీక్షో ఉన్న ఆదివారం వచ్చిందంటే మాత్రం మంచం పడుతుంది. ఆ రోజు తెల్లవారగానే పిల్లలు ఒక్కొక్కరే చున్నీ కింద నీళ్ళ సీసా దాచుకుని, "నైనీలో పిన్నికి బాగాలేదట, చూసొస్తా" అంటూ మెట్లు దిగుతారు. పిన్నిని చూడడానికి రెండు నల్ల బాల్‌పెన్నులు దేనికని ఎవరూ అడగరు. అడిగితే వచ్చే ఆదివారం తమనూ అడుగుతారు కదా.

ఇదంతా సిగ్గు వల్ల వచ్చిన తిప్పలు. ఇలాహాబాదుకు పేరు మార్చి ఇన్నేళ్ళయినా లాడ్జీల్లో పాత పేరే పలుకుతారు. అలాగే పరీక్ష అంటే ఇక్కడ ఒకటే పరీక్ష. ఢిల్లీ వాళ్ళు పెట్టేది, కలెక్టరయ్యేది. దానికని వచ్చిన పిల్ల మరో దరఖాస్తు పెట్టిందంటే, తన మీద తనకే నమ్మకం లేదని నలుగురిలో ఒప్పుకున్నట్టే. అందుకని అందరూ దరఖాస్తులు పెడతారు, ఎవరూ పెట్టనట్టే ఉంటారు.

అంజోర పటేల్ ఆ లాడ్జీకి వచ్చి రెండేళ్ళవుతున్నది. మీర్జాపూర్ జిల్లాలో వాళ్ళ ఊరు. ఊరికి కరెంటు వచ్చిన నెలలో పుట్టిందని వాళ్ళ నానమ్మ వెలుగు అనే అర్థమొచ్చేలా ఆ పేరు పెట్టింది. తండ్రి శీతలాప్రసాద్ సర్కారు గొట్టపు బావి దగ్గర ఆపరేటరు. ఇరవై రెండేళ్ళ అంజోర డిగ్రీలో చరిత్ర చదివి, బాగానే చదివి, మొదటిసారి ప్రిలిమ్స్ రాసింది. ఆ సోమవారం ఫలితాలొచ్చాయి. జాబితాలో తన నంబరు కోసం మూడుసార్లు వెతికింది. లేదు. నాలుగోసారి నాహీద్ వెతికింది. ఒకే గదిలో ఉంటారు గనక ఆమెకా హక్కు ఉంది.

ఆ రోజు సాయంత్రమే తండ్రి ఫోన్ చేశాడు. ఆయన తిట్టి ఉంటే తేలికయ్యేది.

"పోతే పోయింది బిటియా. అన్నం తిన్నావా?"

"తిన్నా బాబూజీ."

"ఇంకా ఎన్నేళ్ళు చదువుతావని నేను అడగను. ఒక్కటే చెప్పు. ఎప్పుడు ఆపుతావు?"

అంజోర ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడే చెప్పొద్దులే. ఆదివారం ఆ టీచర్ల చదువుకు పరీక్ష ఉందన్నావుగా, అది రాసి చెప్పు" అని ఆయన పెట్టేశాడు.

బీఎడ్ ప్రవేశ పరీక్షకు ఆయన పోరు పడలేకే దరఖాస్తు పెట్టింది. ఆ మాట నాహీద్‌కి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఎప్పుడు ఆపుతావంటే, ఆపెయ్యమనే కదా! రెండేళ్ళ క్రితం సంచీ మోసుకుంటూ వచ్చి ఈ మెట్లెక్కించి వెళ్ళిన మనిషి, ఒక్కసారి తప్పగానే ఇంటి దారి చూపిస్తున్నాడనుకుని ఆమె రాత్రి తలగడ తడిపింది. ఉండాలో, పోవాలో ఆదివారానికి తేల్చుకోవాలి. చరిత్రలో ఎవరెవరు ఏ సంవత్సరం ఏ కోట విడిచిపెట్టారో గడగడా చెప్పే పిల్లకు తన సంగతి తేలలేదు.

శనివారం సాయంత్రం డాబా మీద టీ దగ్గర ఆ లాడ్జీకి పెద్దదిక్కయిన విద్యోత్తమ త్రిపాఠీ ముందు ఈ గోడు పెట్టింది. తండ్రి మాట చెప్పింది గానీ బీఎడ్ మాట మింగేసింది.

విద్యోత్తమకు ముప్పై ఒకటో ఏడు నడుస్తున్నది. తొమ్మిదేళ్ళుగా అదే గది. రెండోసారికే ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వచ్చిన మనిషి. ఆ తరువాత రాష్ట్ర సర్వీసులో రివ్యూ ఆఫీసరు ఉద్యోగం వస్తే కాలితో తన్నేసిందని లాడ్జీలో కథ. కొత్తగా వచ్చిన పిల్లకు కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పకపోయినా ఆ కథ మాత్రం చెబుతారు.

"ఆపడమేంటే? దిగాక ఆపడం ఉండదు" అంది విద్యోత్తమ గ్లాసు కింద పెట్టి. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు ఎక్కడికి చేరారో చూశావా? నీళ్ళలోకి. నన్నూ అన్నారు, వచ్చిన ఉద్యోగంలో చేరి చదువుకోమని. చేరానా? ఓబీసీవి, నీకు ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా వయసుంది, తొమ్మిదిసార్లు రాయొచ్చు. నాకున్నవి ఆరే. ఒక్కదానికే ఏడుపేంటి?"

"దీదీ చెప్తే ఇంక తిరుగులేదు" అంది నాహీద్. అక్కడున్న పది మందీ తలలూపారు. అంజోరకు ఒక్క క్షణం గుండెలో బరువు దిగింది. ఆ వెంటనే, మర్నాడు పొద్దున పిన్ని దగ్గరికి వెళ్ళాలని గుర్తొచ్చి రెట్టింపు బరువెక్కింది.

మర్నాడు ఆమె ఆరింటికే బయలుదేరింది. మెట్ల మీద నాహీద్ కనిపించింది, బట్టలారేస్తున్నట్టు.

"ఎక్కడికే?"

"నైనీ. పిన్నికి..."

"అయ్యో, మీ పిన్నికీనా?" అని నాహీద్ తడిలేని బట్టను శ్రద్ధగా పిండింది.

పరీక్ష సెంటరు గంగ అవతల ఝూసీలో, ఒక ఇంటర్ కాలేజీ. జూన్ ఎండ. పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు, మధ్యలో రెండు గంటల విరామం. మొదటి పేపరు అంజోరకు నల్లేరు మీద నడకే. ప్రశ్నలు తేలిగ్గా ఉన్నకొద్దీ ఆమెకు కోపమొచ్చింది, బాగా రాస్తే బాబూజీ మాటే నెగ్గుతుందని. అలాగని తప్పు రాయడానికి చెయ్యి రాలేదు.

పన్నెండింటికి గేటు తీశారు. బయట నీడ అంటే ప్రహరీ గోడ పక్కన జానెడు. ఆ నీడలో జనం వరసగా చతికిలబడి డబ్బాలు విప్పుతున్నారు. అంజోర కూడా చోటు వెతుక్కుంటూ వెళ్ళి, చివర్లో కూర్చున్న ఒకావిడ పక్కన సంచీ పెట్టింది. ఆవిడ చున్నీ ముఖానికి కట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, సత్తుపిండి కలిపిన నీళ్ళ సీసా ఊపుతున్నది. ఆ సీసా అంజోరకు తెలుసు. మూత పోతే మందుసీసా మూత బిగించిన సీసా సలోరీ మొత్తానికి ఒక్కటే.

"దీదీ!"

సీసా ఆగిపోయింది. ఒకరి చేతిలోని అడ్మిట్ కార్డు ఒకరు చూసుకున్నారు. పక్కనున్నవాడు దోసకాయ కొరుకుతున్న చప్పుడు పెద్దగా వినిపించింది.

"మీ పిన్నికెలా ఉంది?" అంది చివరికి విద్యోత్తమ.

అంజోరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. విద్యోత్తమ చున్నీ విప్పింది. చెమటతో, ఎండతో ఎర్రబడ్డ ఆ ముఖం డాబా మీది ముఖంలా లేదు. అలిసిపోయిన మామూలు మనిషి ముఖం.

"కూర్చో. పరాటా తిను. మిరపకాయ పచ్చడుంది."

"నిన్నేగా దీదీ రెండు పడవలన్నావు?"

"అన్నాను."

"మరి?"

విద్యోత్తమ పరాటా తుంచి ఆమె చేతిలో పెట్టింది. "పదకొండు మార్కులు" అంది. "ఇంటర్వ్యూ అయ్యాక నాకు తగ్గినవి. అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పదకొండే కదా, వచ్చే ఏడు కొట్టేస్తాననుకున్నా. మళ్ళీ ఇంటర్వ్యూ గుమ్మం తొక్కలేదే. రెండుసార్లు మెయిన్స్‌లో పోయింది, ఒకసారి ప్రిలిమ్స్‌లోనే. ఇంకొక్కటి మిగిలింది. వచ్చే ఏడు ఆగస్టు ఒకటో తారీఖుకి నాకు ముప్పై రెండు నిండకూడదు. ఇరవై రోజుల తేడాతో నిండవు."

"ఈ ఏడు రాశావుగా, అది కలిపితే ఆరయిపోలా?"

"రాయలేదు. అడ్మిట్ కార్డు తీసుకున్నా, హాలుకి వెళ్ళలేదు. దరఖాస్తు పెట్టి వెళ్ళకపోతే లెక్కలోకి రాదు. హాల్లో కూర్చుని ఒక్క పేపరు రాసినా ఒకటి పోయినట్టే. ఆ రోజంతా సంగమం దగ్గర కూర్చుని సాయంత్రం లాడ్జీకొచ్చా. ఎలా రాశావు దీదీ అంటే, పర్వాలేదన్నా." ఆమె సత్తునీళ్ళు ఒక గుక్క తాగింది. "చివరిది వాడాలంటే చచ్చేంత భయమే. వాడేస్తే ఇంక నేనెవర్ని?"

అంజోర తినడం మానేసింది. రెండేళ్ళుగా కొండలా కనబడిన మనిషి ఇలా గోడ పక్కన జానెడు నీడలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే చూడలేకపోయింది.

"ఆ ఉద్యోగం... రివ్యూ ఆఫీసరుది..."

"చేరితే చదువు చెడుతుందన్నారు. అన్నదెవరో కాదు, నేనే." విద్యోత్తమ గట్టిగా నవ్వబోయి ఆగింది. "నాతోపాటు వచ్చిన పిల్ల చేరింది. లక్నోలో ఉంది. చేరి, సెలవులు పెట్టుకుని ఇంకో మూడుసార్లు రాసింది. రాలేదు. అయినా పొద్దున్నే లేచి వెళ్ళడానికి దానికో చోటుంది. నేను ఆ కథ మీ అందరికీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పకపోతే అది తప్పవుతుంది. చెప్తే త్యాగమవుతుంది. అందుకని చెప్తూ వచ్చా."

ఎండ గోడ మీదికి ఎక్కుతుంటే ఇద్దరూ కాళ్ళు ఇంకా లోపలికి లాక్కున్నారు.

"నువ్వెందుకు తప్పావే?" అంది విద్యోత్తమ ఉన్నట్టుండి. "ఏడ్చావు గానీ, ఎందుకు పోయిందో చూసుకున్నావా?"

"అదృష్టం లేక..."

"అదృష్టం పక్కన పెట్టు. కీ చూసి దిద్దుకున్నావా?"

దిద్దుకుంది. మొదటి పేపరులో, కిందటేడు హద్దు ప్రకారం చూస్తే, నెగ్గేదే. రెండో పేపరు, లెక్కలూ తర్కమూ ఉండేది, ఉత్తినే పాసైతే చాలు, నూటికి ముప్పై మూడు. అందులో ముప్పై దాటలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇప్పుడు దీదీకి చెప్పింది. హిందీ మీడియం చరిత్ర పిల్లలకు ఆ పేపరు గండమని అందరికీ తెలుసు. అయినా ఉత్తి పాసే కదా అని అందరూ చివరి పదిహేను రోజులకు వాయిదా వేస్తారు. అదేం తెలివో!

"పదమూడేళ్ళు కూర్చున్నా ఆ పేపరు దానంతటదే దాటదు" అంది విద్యోత్తమ. "ఏడో క్లాసు లెక్కల పుస్తకం తెచ్చుకుని మొదలెట్టు. నీకు తొమ్మిదిసార్లిచ్చారు. ఇచ్చినవన్నీ వాడుకోమని ఎవరూ అనలేదు. బీఎడ్ వస్తే చెయ్యి. హాజరు తప్పించే కాలేజీలో కాదు, నిజంగా చెప్పేచోట చెయ్యి. పొద్దున క్లాసు, సాయంత్రం చదువు. టీచరు పోస్టులు కూడా చెట్టుకు కాయవు, నాలుగేళ్ళకోసారి పడతాయి. అందుకని ఆ రెండో పడవకీ చిల్లు లేకుండా చూసుకోవాలి. ఉత్తుత్తి పడవైతే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నిన్న డాబా మీద ఇదే చెప్తే ఏం పోయేది దీదీ?" అంది అంజోర. "రాత్రంతా నేను బాబూజీని తిట్టుకున్నా!"

విద్యోత్తమ డబ్బా మూత బిగించింది. గంట కొట్టారు. లేచి, బట్టలు దులుపుకుని, "నీ పక్కన కూర్చున్న సంగతి లాడ్జీలో అనకు" అంది. అని రెండడుగులు వేసి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంజోరకు ఆ మాటకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

సాయంత్రం మళ్ళీ డాబా, మళ్ళీ టీ. ఎవరి పిన్నులను వాళ్ళు చూసొచ్చి అందరూ చేరారు. ఎండకు కందిపోయిన ముఖాలు ఆ రోజు మామూలు కంటే ఎక్కువున్నాయి. ఎవరూ ఎవర్నీ గుచ్చి చూడటం లేదు. శిల్పీ యాదవ్ అనే కొత్త పిల్ల, నెల కిందటే వచ్చింది, గ్లాసు పట్టుకుని విద్యోత్తమ దగ్గర కూర్చుంది.

"దీదీ, మా అన్నయ్య బ్యాంకు పరీక్ష కూడా రాయమంటున్నాడు. ఏం చెప్పమంటావు? నువ్వు ఆఫీసరు ఉద్యోగం తన్నేశావటగా, ఆ కథ చెప్పవా?"

అంజోర గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. విద్యోత్తమ చెబుతుందనే అనుకుంది. గొంతు సవరించుకోవడం కూడా వినబడింది.

"ఇవాళ నేనెక్కడికి వెళ్ళానో తెలుసా?" అంది విద్యోత్తమ.

"నైనీకి కదా దీదీ, మీ పిన్నికి..."

"నైనీలో నాకు పిన్ని లేదు."

కింద వీధిలో కూరగాయల బండివాడి కేక మాత్రం వినిపించింది.

"బీఎడ్ పరీక్ష రాసొచ్చా. ఝూసీలో. తొమ్మిదేళ్ళ కింద రాయాల్సింది. ఆ ఉద్యోగం నేను తన్నెయ్యలేదే శిల్పీ, పోగొట్టుకున్నా. మీ అన్నయ్యకి సరేనని చెప్పు." చెబుతున్నంతసేపూ ఆమె గొంతు నిలకడగానే ఉంది. చేతిలో టీ మాత్రం ముట్టకుండానే చల్లారింది. అంజోర లేచి వెళ్ళి గ్లాసు తీసి కింద పెట్టి, ఆమె పక్కనే కూర్చుంది.

"నేనూ అక్కడికే వెళ్ళా" అంది.

కాసేపటికి మూల నుంచి నాహీద్ చెయ్యెత్తింది, క్లాసులో లాగా. "నాకు నైనీలో ముగ్గురు పిన్నులున్నారని చెప్పా కదా? ముగ్గురూ ఇవాళ్టితో పోయారనుకోండి. నా సెంటరు ఫాఫామవులో."

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ఒకరు, తరువాత మరొకరు. పదకొండు మందిలో ఆరుగురు ఆ రోజు పరీక్ష రాసొచ్చినవాళ్ళేనని తేలింది. ఒక పిల్లయితే గుమాస్తా పరీక్ష కిందటి నెలలోనే పాసై, టైపింగు పరీక్ష కోసం దొంగచాటుగా సాధనకు వెళ్ళొస్తున్నదట. "మరి రోజూ సాయంత్రం గుడికని వెళ్ళేదానివే!" అంటే, "టైపింగు సెంటరు పక్కనే గుడి" అంది. నవ్వీ నవ్వీ విద్యోత్తమ కళ్ళు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్ళేనని అందరూ మర్యాదగా నమ్మారు.

మెట్ల గదిలోకి వచ్చి అంజోర ఫోన్ చేసింది. అవతల మోటారు చప్పుడు. శీతలాప్రసాద్ బావి దగ్గరే ఉన్నాడు.

"బాబూజీ, మీరడిగారు కదా ఎప్పుడు ఆపుతానని."

"చెప్పు."

"బీఎడ్ వస్తుంది, బాగా రాశా. మీర్జాపూర్లో చేరతా. రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తా. నేను పోయింది లెక్కల పేపర్లో, మీకు చెప్పలేదు. రేపట్నుంచి ఏడో క్లాసు లెక్కలు మొదలెడతా. రాష్ట్రం వాళ్ళ పరీక్షలూ రాస్తా, టీచర్ల టెట్ కూడా రాస్తా. రెండోసారికి కూడా ప్రిలిమ్స్ దాటకపోతే ఆపేస్తా. దాటితే ఇంకొక్క ఏడు. ఒక్కటే. పోస్టులు పడేదాకా ఏ బడిలోనైనా పాఠం చెప్తా." ఊపిరి తీసుకుంది. "వచ్చే ఏడు కాక ఆపై ఏడు, జూన్ ముప్పై. ఆ రోజు నేనే ఫోన్ చేసి దాటానో లేదో చెప్తా. మీరు నన్ను ఆపెయ్యమన్నారనే కదా..."

"ఆపమన్నానా?" ఆయన గొంతులో నిజంగా ఆశ్చర్యం. "నేనెప్పుడన్నా? ఇరవై ఆరేళ్ళ నుంచి ఇదే పని నాది. మీట నొక్కే ముందు, ఎప్పుడు ఆపాలో రాసుకోకుండా మోటారు వెయ్యను. రాసుకోకుండా వేసినవాళ్ళ మోటార్లు ఎన్ని కాలాయో నాకు తెలుసు. వెయ్యడానికే అడిగానే పిచ్చిదానా!"

అంజోర మెట్టు మీద కూర్చుండిపోయింది. వారం రోజులుగా మింగుతున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. మోటారు చప్పుడు మధ్య కాగితం తిప్పిన శబ్దం వినిపించింది.

"ఏం చేస్తున్నారు బాబూజీ?"

"రాసుకుంటున్నా. ఆపే తారీఖు, జూన్ ముప్పై." పెన్ను విదిలించి మళ్ళీ రాస్తున్నట్టున్నాడు. "వేసిన టైము కూడా రాయాలి కదా. ఇవాళ, సాయంత్రం ఆరూ నలభై. ఇంక కళ్ళు తుడుచుకుని వెళ్ళి చదువుకో బిటియా."